పాట మొదలవకముందే స్పీకర్లో ఆ మోత ఎందుకు?

అపార్ట్‌మెంట్ కమ్యూనిటీ హాల్లో పిల్లల డాన్సులు. పాటలన్నీ లాప్‌టాప్‌లో ఉన్నాయి. అది స్టేజీ పక్కన ఉంది. మిక్సర్, దానికి తగిలించిన స్పీకర్లు హాలు వెనక వైపు. ఇరవై మీటర్ల వైరు లాగి, లాప్‌టాప్ హెడ్‌ఫోన్ జాక్‌ని మిక్సర్‌కి కలిపారు. అంతే, పాట పెట్టకముందే స్పీకర్లలో 'గుంయ్'మని ఆగని మోత. ఎవరో లాప్‌టాప్ చార్జర్ పీకారు. మోత టక్కున ఆగింది. మళ్లీ పెట్టారు, మళ్లీ వచ్చింది. చార్జర్ పాడైందని తేల్చేస్తారు అందరూ. కానీ కొత్త చార్జర్ తెచ్చినా ఇదే జరుగుతుంది. ఇక్కడ ఏ వస్తువూ పాడవలేదు. వాటిని ఒకదానికొకటి కలిపిన తీరులోనే ఉంది చిక్కు.

మూడు పిన్నుల చార్జర్లు చాలావాటిలో పై లావు పిన్ను, అంటే ఎర్త్, చార్జర్ లోపలి నుంచి లాప్‌టాప్ దాకా వెళ్లి హెడ్‌ఫోన్ జాక్ గ్రౌండ్‌తో కలుస్తుంది. మిక్సర్ గ్రౌండ్ కూడా దాని పవర్ కార్డు ద్వారా గోడలోని ఎర్త్‌కే చేరుతుంది. అంటే ఈ రెండూ గోడలోని ఎర్త్ వైరు ద్వారా ఎప్పుడో కలిసే ఉన్నాయి. ఆడియో వైరు పెట్టగానే దాని పైన అల్లిన రాగి తొడుగు, అంటే షీల్డు, రెండోసారి కలిపింది. స్టేజీ ప్లగ్గు నుంచి లాప్‌టాప్, అక్కణ్నుంచి షీల్డు మీదుగా మిక్సర్, మిక్సర్ ప్లగ్గులోంచి గోడలోకి, గోడలోంచి తిరిగి స్టేజీ ప్లగ్గుకి. చుట్టు పూర్తయింది. దీన్నే గ్రౌండ్ లూప్ అంటారు.

చుట్టు ఉన్నంత మాత్రాన మోత రాదు, అందులో కరెంటు పారాలి. ఎర్త్ వైరులో కరెంటే ఉండదనుకుంటాం గానీ, ఫ్రిజ్, కంప్యూటర్, ఎల్‌ఈడీ డ్రైవర్ లాంటి ప్రతి సామానూ కాస్త కాస్త కరెంటును దానిలోకి వదులుతూనే ఉంటుంది. పైగా పైపులో ఎర్త్ వైరు పక్కనే ఫేజ్ వైరు నడుస్తుంది. దాని అయస్కాంత ప్రభావం వల్ల కూడా ఎర్త్ వైరు పొడవునా చిన్న వోల్టేజి పుడుతుంది. అందుకే హాలు ముందున్న ప్లగ్గు ఎర్త్‌కీ, వెనకున్న ప్లగ్గు ఎర్త్‌కీ మధ్య కొన్ని మిల్లీవోల్టుల తేడా మామూలే. మనిషికి తగిలినా తెలియనంత చిన్న తేడా. ఆడియోకి మాత్రం అది పెద్దదే.

లెక్క వేసి చూద్దాం. ఆ పొడవాటి సన్న వైరు షీల్డు నిరోధం అర ఓము అనుకుందాం. దానిలో 10 మిల్లీఆంపియర్లు పారితే, ఈ కొస నుంచి ఆ కొసకు 5 మిల్లీవోల్టులు పుడతాయి. లాప్‌టాప్ జాక్ లాంటి రెండు తీగల కనెక్షన్లో షీల్డు ఉత్త తొడుగు కాదు, సిగ్నల్ తిరిగి వెళ్లే దారి కూడా అదే. అందువల్ల ఆ 5 మిల్లీవోల్టులు నేరుగా పాటలో కలుస్తాయి. పాట సుమారు 300 మిల్లీవోల్టులైతే మోత అందులో అరవయ్యో వంతు. పాట హోరులో తెలియదు. పాటకీ పాటకీ మధ్య మాత్రం హాలంతా వినిపిస్తుంది. మన కరెంటు సెకనుకు 50 సార్లు ఊగుతుంది గనుక మోతకు మూలం 50 హెర్ట్జ్. దాంతోపాటు 100, 150 లాంటి గుణిజాలూ వస్తాయి. చిన్న స్పీకర్లలో మనకు ఎక్కువగా వినబడేవి ఆ పైవే.

దీన్ని పట్టుకోవడానికి సులువైన పరీక్ష ఉంది. లాప్‌టాప్‌లో వాల్యూమ్ పూర్తిగా తగ్గించండి. పాట పోయి మోత అలాగే ఉంటే అది లాప్‌టాప్ తర్వాత, వైరులో కలిసినదే. ఇందులోనే ఖర్చులేని మందు ఒకటి ఉంది: లాప్‌టాప్ వాల్యూమ్ దాదాపు నిండుగా పెట్టి, మిక్సర్లో గెయిన్ తగ్గించడం. మోత పోదు గానీ, పాటతో పోలిస్తే బాగా చిన్నదవుతుంది. మా ఊళ్లో చాలామంది సరిగ్గా దీనికి తలకిందులుగా చేస్తారు.

ఇక సౌండ్ సిస్టమ్ కుర్రాళ్ల ఆస్థాన చిట్కా: "ఎర్త్ పిన్ తీసేయండి సార్, పోతుంది." నిజమే, పోతుంది. చుట్టు తెగింది గదా. తెగింది మాత్రం ప్రాణం కాపాడే తీగ. మిక్సర్ లోపల ఎప్పుడైనా ఫేజ్ వైరు ఊడి బాడీకి తగిలితే, ఆ కరెంటు ఎర్త్ గుండా పోయి ఫ్యూజు కొట్టెయ్యాలి. ఎర్త్ లేకపోతే 230 వోల్టులు మిక్సర్ బాడీ మీద, ఆడియో వైరు షీల్డు మీద, చివరికి మైక్ ఇనుప జాలీ మీద కాచుకుని కూర్చుంటాయి. 1972లో బ్రిటన్‌లోని స్వాన్సీలో స్టోన్ ది క్రోస్ బృందం గిటారిస్టు లెస్ హార్వే స్టేజీ మీదే చనిపోయాడు. గిటార్ చేతిలో ఉండగా ఎర్త్ లేని మైక్ పట్టుకోవడమే కారణం. కాబట్టి చుట్టును తెంపాల్సింది ఆడియో వైపు, పవర్ వైపు కాదు.

ఆడియో వైపు తెంపే ముందు ఒక ప్రయత్నం: లాప్‌టాప్‌కీ మిక్సర్‌కీ ఒకే ప్లగ్ పాయింట్ నుంచి కరెంటు ఇవ్వండి. రెండు ఎర్త్‌లు ఒకే చోట కలిస్తే వాటి మధ్య తేడా దాదాపు ఉండదు. ఇంట్లో టీవీ, ఆంప్లిఫయర్ పక్కపక్కనే ఉన్నప్పుడు ఇదొక్కటే చాలు. హాల్లో అయితే మిక్సర్ దగ్గర నుంచి స్టేజీకి మంచి ఎక్స్‌టెన్షన్ బోర్డు లాగొచ్చు. అయితే లైట్లూ కూలర్లూ దానికే తగిలిస్తే లాభం లేదు.

అప్పటికీ పోకపోతే ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న డీఐ బాక్స్ వాడాలి. ఇది లాప్‌టాప్ దగ్గరే ఉండాలి, మిక్సర్ దగ్గర కాదు. లాప్‌టాప్ నుంచి పొట్టి వైరు దీనిలోకి, దీన్నుంచి ఎక్స్‌ఎల్‌ఆర్ పొడుగు వైరు మిక్సర్‌కి. లోపల రెండు చుట్టల మధ్య తీగ సంబంధమే ఉండదు, అయస్కాంతం ద్వారా పాట మాత్రమే దాటుతుంది. మీద 'గ్రౌండ్ లిఫ్ట్' అనే స్విచ్చు ఉంటుంది. అది నొక్కితే షీల్డు దారి కూడా తెగుతుంది. ఎక్స్‌ఎల్‌ఆర్ వైరులో పాట రెండు తీగల్లో ఎదురెదురుగా నడుస్తుంది. దారిలో అంటుకున్న మోత రెండింటిలోనూ ఒకేలా ఉంటుంది. మిక్సర్ ఆ రెంటి తేడానే తీసుకుంటుంది కాబట్టి మోత కొట్టుకుపోతుంది. స్టీరియో పాటకైతే రెండు చానళ్ల బాక్స్ కావాలి.

కార్ల కోసం అమ్మే చవక 'గ్రౌండ్ లూప్ ఐసోలేటర్' లోపల ఉండేదీ ట్రాన్స్‌ఫార్మరే. కాకపోతే బుల్లిది. చుట్టును తెంపుతుంది గానీ, గట్టి బాస్ వచ్చినప్పుడు దాని ఇనుము తట్టుకోలేక కింది స్వరాలు పలచబడి బొంగురుపోతాయి. ప్రసంగానికి సరిపోతుంది, డప్పు పాటకు సరిపోదు. చార్జర్ తీసి బ్యాటరీ మీద నడపడం, బ్లూటూత్ వాడడం, టీవీ అయితే ఆప్టికల్ వైరు పెట్టడం, ఇవన్నీ కూడా రాగి సంబంధాన్ని తెంపే దారులే.

ఒక్కోసారి మోత ఉన్నా లూప్ ఉండదు. మిక్సర్ లోహపు బాడీని ముట్టుకోగానే మోత మారినా, వేళ్లు జివ్వుమన్నా అది వేరే రోగం. మూడో రంధ్రం వెనక అసలు ఎర్త్ వైరే ఉండకపోవచ్చు. పాత ఇళ్లలో ఇది కొత్తేమీ కాదు. అలాంటప్పుడు ఆడియో వైరు ఊడదీసి, రెండు సామాన్ల బాడీల మధ్య మల్టీమీటర్‌ని ఏసీ వోల్టుల్లో పెట్టి చూస్తే మిల్లీవోల్టుల బదులు పదుల వోల్టులు కనిపిస్తాయి. అప్పుడు ఐసోలేటర్ కొనకండి, ఎలక్ట్రీషియన్‌ని పిలవండి.

ఇంట్లో హోమ్ థియేటర్ మోత కేబుల్ టీవీ వైరు పీకగానే ఆగితే, ఆ వైరు షీల్డు బయటెక్కడో వేరే ఎర్త్‌కి తగులుతోందన్నమాట. దీనికి కేబుల్ వైరులోనే పెట్టే చిన్న ఐసోలేటర్ దొరుకుతుంది. డీటీహెచ్ డిష్ నుంచి బాక్స్‌కి వచ్చే వైరులో మాత్రం అది పనికిరాదు. డిష్ కొసన ఉండే యూనిట్‌కి కరెంటు అదే వైరులో పైకి వెళ్లాలి, ఐసోలేటర్ దాన్ని ఆపేస్తుంది. అక్కడ బాక్స్‌కీ ఆంప్లిఫయర్‌కీ మధ్య ఆప్టికల్ వైరు పెట్టుకోవాలి.