దుప్పటి కర్పూరంలా ఆవిరైపోతే

ఫ్రాన్స్‌లోని ఒక ఆన్‌లైన్ దుకాణం దుప్పటి అమ్ముతోంది. పేజీలో మొదటి వాక్యాన్ని ఉన్నదున్నట్టు ఇంగ్లీషులోకి దించితే ఆ దుప్పటి మీ పడకగదిని హారతి కర్పూరంలా ఆవిరి చేసేస్తుంది. ‘సుబ్లిమే’ అనే క్రియ చేసే అల్లరి ఇది. ఫ్రెంచిలో దానికి ఉన్న అందాన్ని ఇంకో మెట్టు ఎక్కించడమని అర్థం. పెదవుల రంగు నుంచి చేపల కూర మీద పోసే సాస్ దాకా దేనికైనా వాడేస్తారు. ఇంగ్లీషులో ‘సబ్లైమ్’ క్రియగా వినబడేది దాదాపు కెమిస్ట్రీ క్లాసులోనే. అక్కడ దాని అర్థం, ఘనపదార్థం కరగకుండానే ఆవిరి కావడం.

నేను బతికేది ఇలాంటి పేజీల మీదే. తార్నాకలో ఫ్రెంచి చదువుకున్నాను, ఇంట్లో కూర్చుని ఫ్రెంచి దుకాణాల సరుకు వివరాలను ఇంగ్లీషులో రాస్తాను. అనువాదమంటే మా వాళ్లకు తేలిగ్గా అర్థమవుతుందని అలాగే చెబుతాను గానీ, నిజానికి చేసేది సగం అనువాదం, సగం అమ్మకం. మాట మారితే చాలదు. లండన్‌లోనో చికాగోలోనో ఫోను పట్టుకున్న మనిషి కొనాలి, కొన్నాక తిప్పి పంపకూడదు. ఈ రెండోదే కష్టం.

ఈ రకం పేజీల్లో రోజూ కనిపించే మాటలతో ఒక నమూనా తీసుకుందాం. తెలుగులో దాని సారం ఇది: ‘ఉతికిన నారబట్టతో చేసిన ఈ దుప్పటి మీ గదికి అందం తెస్తుంది. సహజంగా ఉష్ణోగ్రతను క్రమబద్ధం చేస్తుంది, బ్యాక్టీరియాను అడ్డుకుంటుంది. హుందాగా ముడతలు పడుతుంది. సైజు 160 × 200, బొనే 30 సెంటీమీటర్లు. చదరపు మీటరుకు 170 గ్రాములు. 65 × 65 దిండు గలీబులు రెండు, బుర్దోఁ కుట్టుతో, పోర్త్‌ఫోయ్ మూతతో. నార్మండీలో పండిన నార, పోర్చుగల్‌లో కుట్టుపని.’

నార అన్న మాట దగ్గరే ఆగాలి. ఫ్రెంచిలో ‘లాఁ’ అంటే మొక్కా అదే, బట్టా అదే. ఇంగ్లీషు ఆ రెంటినీ విడదీసింది. పొలంలో ఉన్నది ఫ్లాక్స్, మగ్గం దిగింది లినెన్. మనకు అర్థం కావడానికి అవిసె చాలు. కొలెస్ట్రాల్‌కు మంచిదని గింజలు పొడి కొట్టుకునేది ఆ మొక్కవే, లినెన్ చొక్కా ఆ కాండంలోని నారదే. అందుకే ‘నార్మండీలో పండిన లినెన్’ అని రాస్తే, చొక్కాలు చెట్టుకు కాశాయన్నట్టు ఉంటుంది. పైగా ‘లాంజ్’ అనే ఇంకో మాట ఉంది. అది పక్కబట్టలు, తువ్వాళ్లు లాంటి ఇంటి బట్టలన్నిటికీ కలిపి వాడే పేరు. నూలు బట్టలైనా సరే. ఇంగ్లీషులో ‘బెడ్ లినెన్’ అన్నా అంతే, అందులో లినెన్ ఉండాలన్న నియమం లేదు. కాబట్టి ‘బెడ్ లినెన్’ అని శీర్షిక పెడితే అసలు సిసలు నారబట్టకు పెట్టిన ధర ఎందుకో కొనేవాడికి తెలియదు. ‘లినెన్ బెడ్డింగ్’ అని మాటల వరుస తిప్పితే తెలుస్తుంది.

ఇక కుట్టుపని మాటలు. బొనే అంటే నిఘంటువులో టోపీ. దుప్పటి విషయంలో, పరుపు మూలలకు తొడిగే ఎలాస్టిక్ అంచు ఎంత లోతుందో చెప్పే మాట. బ్రిటన్ దుకాణంలో ‘30 సెంటీమీటర్ల బానెట్’ అని రాస్తే దుప్పటికి కారు ఇంజిన్ మూత ఉందనుకుంటారు. అక్కడ దాన్ని ‘డెప్త్’ అంటారు, అమెరికాలో ‘డీప్ పాకెట్’ అంటారు. బుర్దోఁ అంటే తుమ్మెద. దగ్గరదగ్గరగా వేసి అంచును ఉబ్బెత్తుగా తేల్చే కుట్టుకు ఆ పేరు వచ్చింది. ఇంగ్లీషులో శాటిన్ స్టిచ్. పోర్త్‌ఫోయ్ అంటే జేబులో పెట్టుకునే పర్సు. గలీబు మూతి దగ్గర బొత్తాలూ జిప్పూ లేకుండా బట్ట లోపలికి మడత పడుతుందని చెప్పడమే దాని ఉద్దేశం. ఇంగ్లీషువాళ్లకు ఆ మడతలో పర్సు కాదు, ఉత్తరం కవరు కనిపిస్తుంది. వాళ్లు ‘ఎన్వలప్ క్లోజర్’ అంటారు. ఇలాంటి మాటలు నిఘంటువులో దొరకవు. ఆ దేశంలో పక్కబట్టలు అమ్మే నాలుగైదు దుకాణాల పేజీలు తెరిచి, బొమ్మ చూసి, కింద ఏ పేరుందో చదవాలి. కొనేవాళ్లు వెతికే పెట్టెలో కొట్టే మాట కూడా అదే అయి ఉంటుంది.

ఈ పనిలోకి వచ్చిన కొత్తల్లో నేను మాటలన్నీ సరిగ్గా రాసి అంకెల దగ్గర బోల్తా పడ్డాను. పేరు చెప్పను గానీ ఒక దుకాణం దుప్పటి 160 × 200 అని ఉంటే బ్రిటన్ పేజీలో ‘కింగ్’ అని పెట్టాను. పెద్ద మంచమే కదా అనుకున్నాను. బ్రిటన్ కింగ్ పరుపు వెడల్పు 150 సెంటీమీటర్లు. పది సెంటీమీటర్ల వదులుతో దుప్పటి రాత్రంతా పరుపు మీద ఈదుతుంది. తిరిగొచ్చిన పార్సిళ్ల లెక్క నాకు పంపినప్పుడు, కామెంటు ఏమీ రాయకుండా పంపారు. అదే ఎక్కువ గుచ్చుకుంది.

ఈ దుప్పటిని అమెరికాకు పంపితే దగ్గరగా వచ్చేది క్వీన్ పరుపు. దాని కొలత 60 × 80 అంగుళాలు, అంటే సుమారు 152 × 203 సెంటీమీటర్లు. దుప్పటి వెడల్పులో 8 సెంటీమీటర్లు మిగులుతుంది, పొడవులో 3 తగ్గుతుంది. అమెరికాలో 35 సెంటీమీటర్ల మందం పరుపులు మామూలే, కాబట్టి 30 లోతు కూడా చాలదు. ఎంత అందంగా రాసినా ఈ దుప్పటి ఆ పరుపుకు కూర్చోదు. అప్పుడు అనువాదకుడు చేయాల్సిన పని వాక్యాలు చెక్కడం కాదు, ఈ సరుకును అమెరికా పేజీలో పెట్టొద్దని దుకాణదారుకు ఉత్తరం రాయడం.

అదే పార్సిల్‌లోని గలీబుల కథ వేరు. ఫ్రెంచివాళ్ల దిండు చతురస్రం, ఒక్కో వైపు 65 సెంటీమీటర్లు. బ్రిటన్ దిండు 50 × 75, అమెరికా మామూలు దిండు 20 × 26 అంగుళాలు. రెంటికీ సరిపోదు. ‘పిల్లోకేస్’ అని రాశామా, మళ్లీ వాపసు. కానీ అమెరికన్లు మంచం తల వైపు ఆనించి పెట్టే పెద్ద చతురస్రపు దిండు ఒకటుంది, 26 × 26 అంగుళాలది. దాని తొడుగు పేరు యూరో షామ్. 26 అంగుళాలంటే 66 సెంటీమీటర్లు. వెనక ఎన్వలప్ మడత, అంచున కుట్టు, అన్నీ కుదిరాయి. ఫ్రాన్స్‌లో తల కింద పెట్టుకునే రోజువారీ గలీబు సముద్రం దాటాక అలంకరణ సామాను అయింది. వస్తువులో దారం కూడా మారలేదు. పేరు మారింది, దాంతో పాటు కొనే కారణం మారింది.

ఇప్పుడు ఒప్పించే భాగానికి వద్దాం. ఫ్రెంచి వివరం వస్తువు గురించి మాట్లాడుతుంది, అదీ నామవాచకాల్లో. హుందాతనం, సహజత్వం, జీవనకళ అంటూ. చదివేవాడు ఎదురుగా ఉన్నా పక్కకు చూస్తూ మాట్లాడే పెద్దమనిషి తీరు అది. ఎప్పుడైనా పలకరిస్తే ‘వూ’ అంటుంది, మన మీరు లాగా. ఇంగ్లీషు దుకాణం భాష కొనేవాడి కళ్లలోకి చూస్తుంది. యూ అంటుంది, క్రియతో మొదలుపెడుతుంది, ముందు నీకేం లాభమో చెప్పి తర్వాత ఎందుకో చెబుతుంది. ‘ఉష్ణోగ్రతను క్రమబద్ధం చేస్తుంది’ అన్నది ఏసీ కంపెనీ మాట. నారబట్ట చెమటను పీల్చుకుంటుంది, త్వరగా ఆరుతుంది, గాలి ఆడనిస్తుంది. అందుకని నేను రాసిన మొదటి వాక్యం ఇలా తేలింది: ‘స్లీప్ కూల్ ఆన్ ద స్టికియెస్ట్ నైట్ ఆఫ్ జులై.’ జిగటగా ఉండే రాత్రి అనగానే ఒళ్లు గుర్తు తెచ్చుకుంటుంది. గది అందం సంగతి రెండో వాక్యానికి జరిగింది. ‘సబ్లైమ్’ ఎక్కడా లేదు.

ముడతల మాట దాచాలనిపిస్తుంది. దాచకూడదు. నారబట్ట ముడత పడి తీరుతుంది. ఆ సంగతి పార్సిల్ విప్పాక తెలిస్తే కొనుగోలుదారుకు మోసపోయినట్టు ఉంటుంది. ‘రింకిల్డ్’ అంటే ఇంగ్లీషులో తప్పు పట్టినట్టు వినిపిస్తుంది, ‘రంపుల్డ్’ అంటే ఆదివారం పొద్దున మంచంలా ఉంటుంది. దాని పక్కనే ‘ఇస్త్రీ అక్కర్లేదు’ అన్న మాట చేర్చాను. ఫ్రెంచిలో అది లేదు. దుకాణదారును అడిగి, ఔనన్నాకే పెట్టాను. 170 గ్రాములను అలాగే ఉంచాను. అయితే అమెరికన్లు దుప్పటి నాణ్యతను చదరపు అంగుళానికి ఎన్ని దారాలని కొలుస్తారు. దారం లావుగా ఉండే నారబట్టకు ఆ లెక్క పనికిరాదు. అందుకే నారబట్టను బరువుతో కొలుస్తారని ఒక ముక్క కలిపాను.

తీసేసిన మాట కూడా ఒకటుంది. బ్యాక్టీరియాను అడ్డుకుంటుందన్నది ఫ్రెంచి పేజీల్లో ఉప్పులా చల్లేస్తారు. అమెరికాలో పర్యావరణ పరిరక్షణ సంస్థ ఈపీఏ, క్రిములను చంపుతామని చెప్పుకునే వస్తువులను పురుగుమందుల చట్టం కింద చూస్తుంది. బ్రిటన్‌లో ప్రకటనల నియంత్రణ సంస్థ ఏఎస్ఏ రుజువు చూపించమంటుంది. పరీక్ష నివేదిక ఉందా అని దుకాణదారును అడిగితే, అందరూ రాస్తున్నారు కదా అన్నారు. ‘త్వరగా ఆరుతుంది’ అన్న మాటను ఆ ఖాళీలో పెట్టాను.

ఇదంతా అప్పగించేటప్పుడు ఒక పట్టిక పంపుతాను. ఎడమ వైపు ఫ్రెంచి, పక్కన నా ఇంగ్లీషు, మూడో గడిలో ఆ ఇంగ్లీషును మళ్లీ మాటకు మాట ఫ్రెంచిలోకి తిప్పిన వాక్యం, నాలుగో గడిలో ఎందుకు మార్చానో ఒక ముక్క. దుకాణదారు ఇంగ్లీషు బాగా చదవలేకపోయినా మూడో గడిలో తన సరుకు గురించి నేనేం చెప్పానో చూసుకుంటారు. ఈ పనికి మాటకింత అని కాకుండా గంటకింత అని తీసుకోవడానికి కారణం ఆ నాలుగో గడే.

ఈసారి పట్టికలో ఇంకా రెండు ప్రశ్నలు ఉన్నాయి. ‘ఉతికిన’ అన్నారే, రాళ్లతో కలిపి ఉతికారా, మామూలుగానేనా? రాళ్లతో అయితే ‘స్టోన్‌వాష్డ్’ అని రాయొచ్చు, అది బాగా అమ్ముడుపోయే మాట. కాకపోతే ‘ప్రీ-వాష్డ్’తో సరిపెట్టుకోవాలి. దీనికి జవాబు వచ్చింది, నీళ్లతోనే ఉతికారట. రెండోది, నార్మండీలో పండింది, పోర్చుగల్‌లో కుట్టారు, మరి బట్ట నేసింది ఎక్కడ? అది తెలియకుండా ‘ఫ్రెంచ్ లినెన్’ అనలేను, పండింది ఫ్రెంచి ఫ్లాక్స్ అని మాత్రమే అనగలను. ఫ్యాక్టరీని కనుక్కుని చెబుతామన్నారు. ఆ గడికి పసుపు రంగు వేసి పెట్టాను.