మందుల ర్యాంకు ఎవరికి వర్తిస్తుంది?

స్కిజోఫ్రీనియా అనగానే లేని మాటలు వినిపించడం, అకారణంగా అనుమానపడటం గుర్తుకొస్తాయి. వాటికంటే మొండివి నెగటివ్ లక్షణాలు. మనిషి మాట తగ్గిపోతుంది, ముఖంలో భావం కనిపించదు, ఏ పని మీదా ఆసక్తి ఉండదు. ఇంట్లోవాళ్లు బద్ధకమనుకుంటారు. వీటికి ఏ మందు మెరుగో తేల్చడం కష్టం, ఎందుకంటే చాలా మందులను ఒకదానితో ఒకటి నేరుగా పోల్చి చూడలేదు.

ఆ లోటు తీర్చే గణిత పద్ధతే నెట్‌వర్క్ మెటా-అనాలిసిస్. ఒక మందును ఉత్తుత్తి మాత్రతోనూ, మరో మందును అదే ఉత్తుత్తి మాత్రతోనూ పోల్చి ఉంటే, ఆ రెండు తేడాలను బట్టి మందుల మధ్య తేడాను లెక్కగడతారు. స్టెఫాన్ లాయిష్ట్ బృందం 2019లో లాన్సెట్ పత్రికలో 402 పరిశోధనలను కలిపి 32 మందులను ఇలాగే బేరీజు వేసింది. నెగటివ్ లక్షణాల విషయంలో క్లోజపిన్ ముందు నిలిచింది.

ఈ లెక్క నిలవాలంటే ఒక షరతు ఉంది. దాన్నే ట్రాన్సిటివిటీ అంటారు. రెండు పరిశోధనల్లోని రోగులు, జబ్బు తీవ్రత, చికిత్స కాలం ఒకే తరహాలో ఉండాలి. ఒక మందును జబ్బు తిరగబెట్టిన వారిపై, మరోదాన్ని ఏళ్ల తరబడి స్తబ్దుగా ఉన్నవారిపై పరీక్షిస్తే, తేడా మందుదో మనుషులదో చెప్పలేం.

ఆ 2019 విశ్లేషణ ఈ షరతు కోసమే జబ్బు ఉధృతంగా ఉన్నవారినే తీసుకుంది. ప్రధానంగా నెగటివ్ లక్షణాలున్నవారిపై జరిగిన పరిశోధనలను పక్కనపెట్టింది. ఉధృతిలో అనుమానాలతో గదిలో ముడుచుకున్న మనిషి, అనుమానం తగ్గగానే బయటికొచ్చి మాట్లాడతాడు. నెగటివ్ స్కోరు తగ్గుతుంది గానీ, మందు అసలు స్తబ్దత మీద పనిచేసిందని అర్థం కాదు.

ర్యాంకు మరో విషయాన్నీ దాచేస్తుంది. క్లోజపిన్ ప్రభావం 0.62, దాని అనిశ్చితి పరిధి 0.39 నుంచి 0.84. అట్టడుగున ఉన్న ఫ్లూపెంటిక్సాల్‌ది 0.10 అయినా, పరిధి 0.45 దాకా సాగుతుంది. అంటే మొదటి, చివరి మందుల పరిధులు కూడా కాస్త కలుస్తున్నాయి. మధ్యలో ఉన్నవాటి వరుసపై నమ్మకం ఇంకా తక్కువ. పైగా క్లోజపిన్ వాడితే తెల్లరక్తకణాలు ప్రమాదకరంగా పడిపోవచ్చు. అందుకే రక్తపరీక్షలు తప్పవు. ఆ సంగతి ఈ ర్యాంకులో కనిపించదు.

ప్రధానంగా నెగటివ్ లక్షణాలున్నవారిపైనే 2017లో ఒక పెద్ద పరిశోధన వెలువడింది. 26 వారాల్లో నెగటివ్ స్కోరు కారిప్రజిన్‌తో 8.90, రిస్పెరిడోన్‌తో 7.44 పాయింట్లు తగ్గింది. తేడా చిన్నదే అయినా, సరైన రోగుల్లో నేరుగా చూసిన ఫలితమిది.

కాబట్టి ర్యాంకు చూసి మందు మార్చకండి, ఆపకండి. పరీక్షించిన రోగులు మీ ఇంట్లో మనిషిలాంటివారేనా, తేడా ఎంత, దుష్ప్రభావాలేమిటి అని డాక్టరుగారిని అడగండి.