అవసరం చెప్పిన చోటే ఖర్చుకు లెక్క

గ్రాంటు ప్రతిపాదనలో అవసర వివరణ, బడ్జెట్ సమర్థన వేర్వేరు పేజీల్లో ఉంటాయి. నిధులిచ్చేవారు మాత్రం రెండింటినీ పక్కపక్కన పెట్టుకుని చదువుతారు. అవసరంలో చెప్పిన ప్రతి ఇబ్బందికీ బడ్జెట్‌లో ఒక పద్దు ఉందా, బడ్జెట్‌లోని ప్రతి పద్దుకూ అవసరంలో ఒక కారణం ఉందా అన్నదే వారి చూపు. స్వచ్ఛంద సంస్థ నిధుల విభాగంలో చేరిన ఇంటర్న్ చేతికి తొలి చిత్తుప్రతి వచ్చినప్పుడు తేలాల్సింది కూడా ఈ పొంతనే.

ఉదాహరణకు, ఒక మండలంలోని 8 ప్రభుత్వ ఉన్నత పాఠశాలల్లో బాలికల రక్తహీనతపై పనిచేయడానికి ఒక సంస్థ కంపెనీ సీఎస్ఆర్ నిధి కోరుతోందని అనుకుందాం. చిత్తుప్రతులు సాధారణంగా జాతీయ గణాంకంతో మొదలవుతాయి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15-19 ఏళ్ల బాలికల్లో 59.1 శాతం మందికి రక్తహీనత ఉంది. అంకె సరైనదే. కానీ 8 నుంచి 10 తరగతుల పిల్లలు ఎక్కువమంది 13-15 ఏళ్లవారు. సర్వే వయసు వేరు, పాఠశాల వయసు వేరు. ఆ తేడాను ఒక్క వాక్యంలో ఒప్పుకుంటే ప్రతిపాదనపై నమ్మకం పెరుగుతుంది. దాచిపెడితే తెలిసిన పాఠకుడు ఇట్టే పట్టేస్తాడు.

అసలు చిక్కు దీని తర్వాత వస్తుంది. వారానికొకసారి 60 మిల్లీగ్రాముల ఇనుము, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లం ఉన్న నీలం మాత్రను పాఠశాలల్లో ఉచితంగా ఇచ్చే ప్రభుత్వ కార్యక్రమం ఇప్పటికే ఉంది. కాబట్టి ‘బాలికలకు మాత్రలు అవసరం’ అని రాస్తే, ప్రభుత్వం ఇస్తున్నదానికి మళ్లీ డబ్బు ఎందుకన్న ప్రశ్న వస్తుంది. ‘ఈ మండలంలో మా కార్యక్రమం లేదు, అందువల్ల కావాలి’ అన్నది అంతకన్నా బలహీనం. అది సమస్యను చెప్పడం కాదు, పరిష్కారం లేదని చెప్పడమే. మాత్ర అందినా ఎందుకు మింగడం లేదో రాయాలి. పాఠశాల రిజిస్టర్ చూసి, ఉపాధ్యాయులతో, ఏఎన్ఎంతో మాట్లాడితే కారణాలు బయటపడతాయి. పరగడుపున వేసుకుంటే వికారం, మలం నల్లబడితే ఇంట్లో భయం, సెలవు వారాల్లో మాత్ర తప్పిపోవడం, ఎవరి హిమోగ్లోబిన్ ఎంతో తెలియకపోవడం. అవసరం ఇక్కడ ఉంది.

ఇలా రాశాక బడ్జెట్ చాలావరకు తానే తేలుతుంది. మాత్రలకు పద్దు ఉండదు. పరీక్షలకు ఉంటుంది: 1,000 మంది బాలికలకు ఏడాది మొదట్లో ఒకసారి, చివర్లో ఒకసారి అంటే 2,000 స్ట్రిప్పులు. పాడయ్యేవాటికి 5 శాతం కలిపితే 2,100. కొటేషన్‌లో స్ట్రిప్పు ధర రూ.50 అయితే రూ.1,05,000. సమర్థన అంటే ఈ లెక్కను మాటల్లో పెట్టడమే. ‘వైద్య సామగ్రి రూ.1,05,000’ అని వదిలేస్తే అది పద్దు మాత్రమే. ఇద్దరు క్షేత్ర కార్యకర్తలు, ఒక్కొక్కరికి 4 పాఠశాలలు; నాలుగు రోజులు బడులకు, ఒక రోజు తల్లులతో సమావేశాలకు. నెలకు రూ.15,000 చొప్పున 10 నెలలకు ఇద్దరికీ రూ.3,00,000. ఇంట్లో భయం పోవాలన్న వాక్యానికి ఆ ఐదో రోజు జవాబు. అదే బడ్జెట్‌లో ల్యాప్‌టాప్ కనిపిస్తే, అవసరంలో దానికి కారణం వెతకాలి, దొరక్కపోతే తీసేయాలి.

తరచూ తడబడేది కార్యాలయ ఖర్చుల దగ్గర. సీఎస్ఆర్ నిబంధనల్లోని 5 శాతం పరిమితి కంపెనీ తన సీఎస్ఆర్ వ్యవహారాల సాధారణ నిర్వహణకు పెట్టుకునే ఖర్చుకు సంబంధించింది. స్వచ్ఛంద సంస్థ ప్రాజెక్టు నిర్వహణ ఖర్చు అందులోకి రాదు. విదేశీ నిధులకు లెక్క వేరు. 2020 సవరణ తర్వాత పాలనా ఖర్చులు 20 శాతం దాటకూడదు. రెండింటినీ కలిపేసి, సమన్వయకర్త జీతాన్ని భయంతో వదిలేస్తే ఆ పని జీతం లేకుండానే జరగాలి. అతని సమయంలో నాలుగో వంతు ఈ ప్రాజెక్టుకైతే, రూ.32,000 జీతంలో నెలకు రూ.8,000 అని ఏ వంతు ఎందుకో చెబుతూ చూపడమే సరైన పద్ధతి. దీన్ని అకౌంటెంట్‌తో కూర్చుని తేల్చుకోవాలి. అదే వంతు ఇంకో దాత బడ్జెట్‌లోనూ ఉంటే ఆడిట్‌లో దొరికిపోతుంది.

లెక్క ఇలా యూనిట్లతో ఉంటే, దాత సగమే ఇస్తానన్నప్పుడు కూడా మాట్లాడే వీలుంటుంది. 4 పాఠశాలలకే పరిమితమైతే స్ట్రిప్పులు, కార్యకర్తలు సుమారు సగానికి తగ్గుతాయి. సమన్వయకర్త సమయం మాత్రం అంతగా తగ్గదు. ఆ సంగతి కూడా సమర్థనలో ఒక వాక్యంగా రాయాలి.