అంచనా అసలు జవాబును చేరాలంటే

x³ − 2x − 5 = 0. న్యూటన్ తన పద్ధతిని వివరించడానికి ఎంచుకున్న సమీకరణం ఇది. దీని మూలం సుమారు 2.09455. సూత్రాలేవీ గుర్తులేకపోయినా మామూలు కేలిక్యులేటర్‌తో దీన్ని పట్టుకోవచ్చు. సమీకరణాన్ని x = g(x) అనే రూపంలో రాసుకుని, కుడివైపు ఒక అంచనా విలువ పెట్టాలి. వచ్చిన జవాబును మళ్లీ కుడివైపే పెడుతూ పోవాలి. ఏ విలువ పెడితే అదే తిరిగి వస్తుందో అది స్థిర బిందువు, మనకు కావలసిన మూలం కూడా అదే.

చిక్కంతా g ఎంపికలో ఉంది. అందరికీ ముందు తోచేది x = (x³ − 5)/2. మూలానికి ఎంతో దగ్గరగా 2.1తో మొదలుపెట్టినా వరసగా 2.1305, 2.335, 3.867, ఆపైన 26 దాటిపోతుంది. అదే సమీకరణాన్ని x = ∛(2x + 5) అని రాసి 2తో మొదలుపెట్టండి. 2.0801, 2.0924, 2.0942, 2.0945 అంటూ కుదురుగా మూలాన్ని చేరుతుంది.

తేడా g వాలులో ఉంది. మూలం దగ్గర ఒక్కో అడుగుకూ దోషం దాదాపు g′ రెట్లవుతుంది. మొదటి రూపంలో అక్కడ g′ = 3x²/2, అంటే సుమారు 6.6. దోషం పెరగక తప్పదు. రెండో రూపంలో అది 0.152 మాత్రమే, దోషం ప్రతిసారీ ఆరో వంతుకు పడిపోతుంది. ఈ రెండూ పరస్పర విలోమాలు కనుక వాలులు కూడా వ్యుత్క్రమాలే. ఒకటి చెదిరిపోతే దాన్ని తిరగేసి చూడమనడానికి కారణం ఇదే.

సంకోచ నియమం అడిగేవి రెండు. తీసుకున్న అంతరంలోని ప్రతి విలువకూ g(x) అదే అంతరంలో ఉండాలి. అంతరమంతటా |g′| విలువ 1 కంటే తక్కువైన ఏదో ఒక q ను దాటకూడదు. 2 నుంచి 3 వరకు చూస్తే మన ఘనమూలం 2.08, 2.22 మధ్యే తిరుగుతుంది, వాలు 0.155 దాటదు. అందుకే ఆ అంతరంలో ఎక్కడ మొదలుపెట్టినా ఒకే మూలం వస్తుంది. బనాక్ 1922లో ప్రచురించిన సిద్ధాంతం చెప్పేది ఇదే.

తిరగేయడం కుదరని సమీకరణాలకు ఇంకో దారి ఉంది. f(x) = 0 ను x = x − k·f(x) అని రాసి, వాలు సున్నాకు దగ్గరయ్యేలా k ఎంచుకోవాలి. ఇక్కడ f′(2) = 10 కనుక k = 1/10 చాలు. 2 నుంచి 2.1, 2.0939, 2.0946 వస్తాయి. ప్రతి అడుగులోనూ k ను 1/f′(x)గా కొత్తగా లెక్కిస్తే అది న్యూటన్ పద్ధతే.

ఎక్కడ ఆపాలన్న దగ్గర చాలామంది తొందరపడతారు. చివరి రెండు విలువల తేడా చిన్నదైనంత మాత్రాన మూలం చేరినట్టు కాదు. మిగిలిన దోషం ఆ తేడాకు q/(1 − q) రెట్ల వరకు ఉండొచ్చు. q = 0.155 అయితే అది తేడాలో ఐదో వంతైనా కాదు. q = 0.99 అయితే తేడాకు 99 రెట్లు కావచ్చు, అందుకే ఆపేముందు q చూసుకోండి.