తలుపు తెరిస్తే మోగే అలారం: ప్రాజెక్టు రిపోర్టు రాసేదెలా?

పాలిటెక్నిక్ విద్యార్థుల ప్రాజెక్టుల్లో దొంగల అలారం తరచూ కనిపిస్తుంది. సర్క్యూట్ చిన్నది, సామాను చవక. చిక్కంతా రిపోర్టు దగ్గరే. భద్రత గురించి నాలుగు పేజీలు, ఒక సర్క్యూట్ బొమ్మ, ‘ప్రయోగం సఫలమైంది’ అన్న ఒక్క వాక్యంతో చాలామంది ముగించేస్తారు. వైవాలో వచ్చే ప్రశ్నలు వేరు. తీగ కోసేస్తే ఏమవుతుంది? ఆ రెసిస్టర్ విలువ అంతే ఎందుకు? బ్యాటరీ ఎన్నాళ్లొస్తుంది? రిపోర్టును ఈ ప్రశ్నల వరుసలోనే కట్టుకోవాలి. ముందు తలుపు, వెనక తలుపు, ఒక కిటికీ ఉన్న చిన్న ఇంటిని తీసుకుని చూద్దాం.

మొదటి అధ్యాయం: ఏం కాపాడుతున్నాం?

దీనికి అర పేజీ చాలు. ఇంటి ప్లాను గీసి మూడు చోట్లా గుర్తులు పెట్టండి. ఈ అలారం తలుపు రెక్క కదిలితేనే మోగుతుందని, కిటికీ అద్దం పగలగొడితే దానికి తెలియదని ఇక్కడే చెప్పేయండి.

రెండో అధ్యాయం: రీడ్ స్విచ్ ఎలా పనిచేస్తుంది?

రీడ్ స్విచ్‌ను 1936లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో వాల్టర్ ఎల్‌వుడ్ రూపొందించారు. చిన్న గాజు గొట్టంలో నికెల్, ఇనుము కలిసిన రెండు పలుచని రేకులుంటాయి. అయస్కాంతం దగ్గరకొస్తే అవి అంటుకుంటాయి, దూరమైతే విడిపోతాయి. అయస్కాంతాన్ని తలుపు రెక్కకు, స్విచ్‌ను గుమ్మానికి బిగిస్తాం కాబట్టి తలుపు మూసి ఉన్నంతసేపూ స్విచ్ కలిసే ఉంటుంది.

మూడు స్విచ్‌లనూ సిరీస్‌లో కలిపితే ఒకే లూప్ అవుతుంది. ఏ తలుపు తెరిచినా ఆ లూప్ తెగుతుంది. దొంగ తీగ కోసినా తెగుతుంది, కాబట్టి అప్పుడూ అలారం మోగుతుంది. ఈ పద్ధతిని ఎంచుకోవడానికి అసలు కారణం అదే.

మూడో అధ్యాయం: సర్క్యూట్, లెక్కలు

రిపోర్టుకు ప్రాణం ఈ అధ్యాయం. బజర్‌ను రీడ్ స్విచ్‌తోనే నేరుగా నడిపితే, దొంగ లోపలికొచ్చి తలుపు వేయగానే మోత ఆగిపోతుంది. అందుకే బీటీ169 లాంటి ఎస్‌సీఆర్ వాడతాం. అది ఒకసారి ఆన్ అయిందంటే, బ్యాటరీ వైపు స్విచ్ ఆపేదాకా ఆన్‌లోనే ఉంటుంది.

9 వోల్టుల బ్యాటరీ ప్లస్ నుంచి 22 కిలో ఓముల రెసిస్టర్ ద్వారా ఎస్‌సీఆర్ గేటుకు కరెంటు ఇవ్వాలి. రీడ్ స్విచ్‌ల లూప్ గేటుకూ మైనస్‌కూ మధ్య ఉంటుంది. లూప్ కలిసి ఉంటే కరెంటు అటే పోతుంది. తెగితే గేటులోకి వెళ్లి బజర్‌ను మోగిస్తుంది.

ఆ 22 కిలో ఓములు ఎందుకు? గేటుకు గరిష్ఠంగా 0.2 మిల్లీ ఆంపియర్లు కావాలి. 22 కిలో ఓములతో 0.37 అందుతుంది. బ్యాటరీ 6 వోల్టులకు పడిపోయినా 0.23 వస్తుంది. బ్యాటరీ ఆదా అవుతుందని 100 కిలో ఓములు పెడితే కొన్ని ఎస్‌సీఆర్‌లు అసలు ఆన్ కావు.

కాపలాలో ఉన్నప్పుడు ఖర్చయ్యే కరెంటు 0.41 మిల్లీ ఆంపియర్లు, అంటే రోజుకు దాదాపు 10 మిల్లీ ఆంపియర్ అవర్లు. 500 సామర్థ్యమున్న ఆల్కలైన్ బ్యాటరీ సుమారు 50 రోజులొస్తుంది.

బజర్‌కు సమాంతరంగా 1 కిలో ఓము రెసిస్టర్ మరవకూడదు. బజర్ తీసుకునే కరెంటు ఎగుడుదిగుడుగా ఉంటుంది. అది బాగా తగ్గిన క్షణంలో ఎస్‌సీఆర్ ఆగిపోకుండా ఈ రెసిస్టర్ కాస్త కరెంటును నిలకడగా లాగుతూ ఉంటుంది.

నాలుగో అధ్యాయం: సామాను, ఖర్చు

హైదరాబాద్ కోఠీలోని గుజరాతీ గల్లీలోనో, మీ ఊరి ఎలక్ట్రానిక్స్ షాపులోనో కొన్న బిల్లునే జతపరచండి, అంచనా ధరలు వద్దు. గాజు గొట్టం విడిగా కొంటే కాళ్లు వంచేటప్పుడు పగలొచ్చు. ప్లాస్టిక్ డబ్బాలో అయస్కాంతంతో జతగా అమ్మే డోర్ సెన్సర్ కొంటే ఆ బెడద ఉండదు.

అయిదో అధ్యాయం: పరీక్షలు

ఒక్కో తలుపునూ మెల్లగా తెరుస్తూ ఎన్ని మిల్లీమీటర్ల దగ్గర మోగిందో స్కేలుతో కొలిచి, అయిదేసిసార్లు పట్టికలో రాయండి. మూసేటప్పుడు స్విచ్ కలిసే దూరం కన్నా తెరిచేటప్పుడు విడిపోయే దూరం కాస్త ఎక్కువ ఉంటుంది, కాబట్టి రెండూ వేరువేరుగా రాయాలి. ఇనుప తలుపైతే అయస్కాంత బలాన్ని ఇనుమే లాగేసుకుంటుంది. మధ్యలో చెక్క ముక్క పెట్టి మళ్లీ కొలవండి. తీగ కోసిన పరీక్ష, తలుపు తెరిచి వెంటనే మూసిన పరీక్ష కూడా ఉండాలి.

ఆరో అధ్యాయం: పరిమితులు

లూప్ తీగలు రెండింటినీ దొంగ కలిపేస్తే ఈ అలారం మోగదు. అందుకే తీగలు ఇంటి లోపలి వైపే ఉండాలి. బ్యాటరీ అయిపోతే ముందస్తు హెచ్చరిక ఏదీ రాదు. కాబట్టి వారానికోసారి తలుపు తెరిచి మోగుతోందో లేదో చూడాలని వాడకం సూచనల్లో రాయండి. ఈ లోపాలను మీరే ముందుగా రాసుకుంటే వైవాలో ఆ ప్రశ్నలకు జవాబు మీ దగ్గరే ఉంటుంది.