పేరు చెప్పేదాకా వదల్లేదు

1626 మే నెలాఖరులో జర్మనీలోని ఫ్రాంకోనియా ప్రాంతాన్ని మంచు కమ్మేసింది. వేసవి ముంగిట్లో పడిన ఆ మంచుకు ద్రాక్షతోటలు మాడిపోయాయి, చేలు దెబ్బతిన్నాయి. తిండిగింజల ధరలు పెరిగాయి. అక్కడి బాంబెర్గ్ పట్టణంలో జనం నోట ఒకటే ప్రశ్న: ఇది ఎవరు చేయించారు?

జవాబు ముందే సిద్ధంగా ఉంది. యూరప్ పల్లెల్లో చేతబడి భయం పాతదే. పాలు అడుక్కోవడానికి వచ్చిన పేద ముసలమ్మను ఇంటావిడ కసిరి పంపేస్తుంది. ఆమె ఏదో గొణుక్కుంటూ వెళ్తుంది. వారం తిరక్కుండా ఆవు ఎండిపోతుంది, లేదా పిల్లాడికి జ్వరం వస్తుంది. పెట్టకుండా పొమ్మన్నందుకు మనసులో ఉన్న తప్పు భావం, ఆ ముసలమ్మ శపించిందన్న అనుమానంగా మారుతుంది. నిందపడిన వాళ్లలో మూడొంతులకు పైగా ఆడవాళ్లే కావడానికి ఇలాంటి ఇరుగుపొరుగు గొడవలు ఒక కారణం.

అయితే ఊరి గొడవ ఒక్కటే వందలమందిని చంపలేదు. 15వ శతాబ్దంలో మతపండితులు దానికి కొత్త కథ కలిపారు: మంత్రగత్తె ఒంటరి కాదు, సైతానుతో ఒప్పందం చేసుకున్న పెద్ద ముఠాలో మనిషి, వాళ్లంతా రాత్రిపూట ఒకచోట చేరి ఆడతారు, పంటలు నాశనం చేయడానికి పథకాలు వేస్తారు. 1480లలో హైన్రిక్ క్రామర్ అనే సన్యాసి రాసిన పుస్తకం లాంటివి అచ్చుయంత్రం పుణ్యమా అని దేశదేశాలకూ పాకాయి. ముఠా ఉందంటే, దొరికినవాళ్లకు మిగతావాళ్ల పేర్లు తెలిసి ఉండాలి కదా! అసలు ప్రమాదం ఇక్కడే మొదలైంది.

అప్పటి చట్టం ప్రకారం మరణశిక్ష వేయాలంటే ఇద్దరు ప్రత్యక్షసాక్షులైనా ఉండాలి, నిందితుడు ఒప్పుకోవాలైనా ఒప్పుకోవాలి. సైతానుతో ఒప్పందానికి సాక్షులెక్కడ దొరుకుతారు? మిగిలింది ఒప్పుకోలే. అది రాబట్టడానికి చిత్రహింస. 1532 నాటి సామ్రాజ్య శిక్షాస్మృతి హింసకు కొన్ని హద్దులు పెట్టింది. కానీ ఇది మామూలు నేరం కాదంటూ చాలా కోర్టులు వాటిని పక్కన పెట్టేశాయి.

1628 జూన్‌లో బాంబెర్గ్ నగర పాలకుల్లో ఒకడైన యోహానెస్ యూనియస్‌ను పట్టుకున్నారు. వయసు 55. అతని భార్యను మంత్రగత్తె అని అంతకుముందే చంపేశారు. రాత్రి కూటంలో అతన్ని చూశామని కొందరు చెప్పారు. వాళ్లూ హింస తట్టుకోలేక చెప్పినవాళ్లే. యూనియస్ కాదన్నాడు. బొటనవేళ్లు మరలతో నొక్కారు. చేతులు వెనక్కి కట్టి తాడుతో పైకి లాగి వదిలారు. అప్పటికీ కాదన్నాడు. చివరికి హింసించే తలారే జాలిపడి, ఏదో ఒకటి కల్పించి చెప్పమని బతిమాలాడు.

కల్పించాడు. డబ్బు ఇబ్బందుల్లో తోటలో కూర్చుంటే ఒక పడుచు వచ్చిందనీ, ఆమె మేకగా మారిపోయిందనీ చెప్పాడు. అది చాలదన్నారు. కూటంలో ఎవరెవరున్నారని అడిగారు. గుర్తుపట్టలేదంటే, ఊళ్లో వీధి తర్వాత వీధి పేరు చెప్పి, ఈ వీధిలో ఎవరు, ఆ వీధిలో ఎవరు అని నిలదీశారు. తెలిసినవాళ్ల పేర్లు చెప్పక తప్పలేదు. ఆ పేర్లున్నవాళ్ల గుమ్మాల ముందుకు ఇక భటులు వెళ్లొచ్చు.

జులై 24న, నలిగిన వేళ్లతో, జైల్లోంచి కూతురు వెరోనికాకు దొంగచాటుగా ఉత్తరం రాశాడు. అందులోవన్నీ అబద్ధాలేననీ, తన మీద సాక్ష్యం చెప్పినవాళ్లు చనిపోయేముందు తనను క్షమాపణ కోరారనీ తెలిపాడు. ఆగస్టులో అతన్ని చంపేశారు. ఆ ఉత్తరం ఇప్పటికీ బాంబెర్గ్‌లో భద్రంగా ఉంది.

ఇలా ఒక్కో ఒప్పుకోలు మరికొందరిని లాక్కొచ్చింది. అందుకే వేట పేదరాళ్ల దగ్గర ఆగలేదు. బిషప్పు ఆస్థానంలో మంత్రిగా ఉన్న గియోర్గ్ హాన్‌నూ, అతని భార్యాబిడ్డలనూ బలి తీసుకుంది. ఆ రాజ్యాన్నేలిన బిషప్పు యోహాన్ గియోర్గ్ ఫుక్స్ ఫాన్ డోర్న్‌హైమ్ తన నేల మీద సైతాను అడుగు లేకుండా చేయాలన్న పట్టుదల ఉన్నవాడు. అప్పటికి కేథలిక్కులకూ ప్రొటెస్టెంట్లకూ మధ్య ముప్పై ఏళ్ల యుద్ధం సాగుతోంది. దేవుడి ఆగ్రహం తగ్గాలంటే పాపులను ఏరివేయాలన్న ఆలోచన రెండు పక్షాల్లోనూ ఉంది. చచ్చినవాళ్ల ఆస్తులు ఖజానాకు చేరడమూ కేసులు సాగడానికి కలిసొచ్చింది.

అంటే ఆకలి నిందను పుట్టించింది, పండితుల కథ దాన్ని కుట్రగా పెంచింది, విచారణ పద్ధతి దాన్ని చావుల గొలుసుగా మార్చింది. ఈ మూడింట్లో విచారణ పద్ధతే ఎక్కువ ప్రాణాలు తీసింది. యూరప్ మొత్తం మీద ఈ వేటల్లో ప్రాణాలు పోయినవాళ్లు 40 వేల నుంచి 60 వేల మంది అని చరిత్రకారుల అంచనా.

బాంబెర్గ్‌లోనూ ఆ పద్ధతికే బ్రేకు పడింది. తప్పించుకుని బయటపడ్డవాళ్ల మొరలు విన్న చక్రవర్తి రెండవ ఫెర్డినాండ్, అభియోగానికి ఆధారం ఏమిటో బయటపెట్టాలనీ, నిందితులకు న్యాయవాదిని ఇవ్వాలనీ, ఆస్తులు జప్తు చేయకూడదనీ ఆదేశించాడు. 1631 నాటికి కేసులు ఆగిపోయాయి. స్వీడిష్ సైన్యం దగ్గరకొస్తుంటే బిషప్పు ఊరు విడిచి పారిపోయాడు.