పచ్చడి డబ్బు, ఇంటి డబ్బు

ఇంట్లో ఆవకాయ పట్టి అమ్మేవాళ్ళకు ఖర్చంతా ఏప్రిల్, మే నెలల్లోనే అయిపోతుంది. కాయ, నూనె, కారం, ఆవపిండి, ముక్కలు కొట్టినవాళ్ళ కూలి అన్నీ అప్పుడే చెల్లించేస్తారు. అమ్మకం మాత్రం ఏడాదంతా సాగుతుంది. అందుకే జూన్ నుంచి చేతికొచ్చే ప్రతి రూపాయీ లాభంలాగే కనిపిస్తుంది. ఆ డబ్బు ఇంటి డబ్బుతో కలిసిపోతే పిల్లల ఫీజుకో, పెళ్ళి చదివింపులకో వెళ్ళిపోతుంది. మళ్ళీ కాయ దిగేనాటికి ఖాతా ఖాళీ. ఏడాది పొడవునా బాగానే అమ్మిన మనిషి కూడా రెండు రూపాయల వడ్డీకి అప్పు వెతుక్కోవలసి వస్తుంది.

ఒక లెక్క వేసి చూద్దాం. ఒకావిడ ఏడాదికి 600 కిలోలు పట్టి, కిలో 500 రూపాయలకు అమ్ముతోందనుకుందాం. కొరియర్ ఖర్చు కొనేవాళ్ళదే. సరుకు, కూలి, గ్యాసు కలిపి కిలోకు 280 రూపాయలు వేసవిలోనే పెట్టింది. అమ్మేటప్పుడు సీసాకూ ప్యాకింగుకూ మరో 40 అవుతుంది. ఆవిడకు మిగిలేది 180. నెలకు సగటున 50 కిలోలు పోతే మిగులు 9,000 రూపాయలు.

అయితే నెలనెలా 9,000 తీసుకోవచ్చా? తీసుకోకూడదు. పిల్లలు హాస్టళ్ళకు వెళ్ళే రోజుల్లో 70 కిలోలు పోవచ్చు, వెల్లుల్లి మానేసే కార్తీకంలో 35కి పడిపోవచ్చు. ఆ 35 కిలోల మీద మిగిలేది 6,300. కాబట్టి నెలకు 6,000 అని ఖాయం చేసుకోవడమే సబబు. సగటును కాకుండా మందకొడి నెలను చూసి పెట్టుకున్న మొత్తమైతేనే ఏడాదంతా తప్పకుండా అందుతుంది.

ఇక కిలోకు 280 చొప్పున వెనక్కి వచ్చే సొమ్ము రైతు దాచే విత్తనపు గింజలాంటిది. 600 కిలోలకు అది 1,68,000 అవుతుంది. అంత మొత్తం అప్పు తెస్తే రెండు రూపాయల వడ్డీ చొప్పున నెలకు 3,360 కట్టాలి. ఆవిడ తీసుకునే 6,000లో సగానికి పైగా వడ్డీకే పోతుందన్నమాట.

విడదీయడం ఎలాగంటే, ముందు పచ్చళ్ళకంటూ వేరే బ్యాంకు ఖాతా తెరవాలి. కొనేవాళ్ళకు పంపే క్యూఆర్ కోడ్ ఆ ఖాతాదే కావాలి. చాలామంది ఈ ఒక్క పని వాయిదా వేయడం వల్లే మిగతా జాగ్రత్తలన్నీ వృథా అవుతాయి. సేవింగ్స్ ఖాతా వ్యాపారానికి ఉద్దేశించింది కాదు. లావాదేవీలు పెరిగితే కరెంటు ఖాతాకు మారమని బ్యాంకు అడగవచ్చు. ఆధార్, పాన్‌లతో ఆన్‌లైన్‌లో ఉచితంగా వచ్చే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ పత్రం అప్పుడు పనికొస్తుంది. ఎవరైనా నగదు ఇస్తే ముందు ఆ ఖాతాలో వేసి, తర్వాతే వాడాలి.

ప్రతి నెలా ఒకటో తారీఖున ఆ ఖాతా నుంచి ఇంటి ఖాతాకు 6,000 పంపి, పుస్తకంలో 'సొంత వాడకం' అని రాయాలి. జీతం అని రాసుకున్నా, యజమాని తానే కాబట్టి ఆదాయపు పన్ను లెక్కలో అది ఖర్చు కిందికి రాదు. ఎంత తీసుకున్నా పన్ను చూసేది లాభాన్నే. మధ్యలో ఇంటికి అత్యవసరంగా 4,000 కావలసి వస్తే తీసుకోవచ్చు, కానీ తర్వాతి రెండు నెలలూ 2,000 చొప్పున తగ్గించుకోవాలి. ఆడపడుచుకు ఇచ్చిన సీసా, ఇంట్లో తెరిచిన సీసా కూడా సొంత వాడకమే. అమ్మకం ధర వేయనక్కరలేదు, అయిన ఖర్చు 320 రాసి, ఆ డబ్బు ఇంటి ఖాతా నుంచి పచ్చళ్ళ ఖాతాలో వేస్తే చాలు. ఇవి రాయకపోతే సంక్రాంతినాటికి సీసాలు తక్కువై, డబ్బు ఎక్కడ పోయిందో తెలియదు.

లెక్క గాడిలో ఉందో లేదో తెలుసుకోవడం తేలికే. పట్టిన దగ్గర్నుంచి ఎన్ని కిలోలు పోయాయో చూసి 280తో గుణించాలి. డిసెంబరుకు 300 కిలోలు అమ్మితే ఖాతాలో కనీసం 84,000 ఉండాలి. అంతకన్నా తక్కువుంటే వేసవి పెట్టుబడి అప్పటికే ఇంట్లోకి వచ్చేసిందని అర్థం. సొంత వాడకం వెంటనే తగ్గించుకోవాలి, ఏప్రిల్ దాకా ఆగకూడదు.

అంతా సవ్యంగా నడిస్తే ఏడాది చివర పెట్టుబడి పోను 36,000 మిగులుతుంది. ఆ సొమ్మునూ సంబరంగా ఖర్చు పెట్టేయకూడదు. సరుకు, కూలి, గ్యాసు ఖర్చంతా పదోవంతు పెరిగిందంటే 16,800 అదనంగా కావాలి. బూజు పట్టిన సీసాలు, పాడైన మిక్సీ కూడా దీంట్లోంచే భరించాలి. అందుకే కొత్త ఆవకాయ జాడీలకెక్కి, కూలి చెల్లించేశాక మిగిలినదాంట్లోంచే ఆవిడ తనకంటూ కొంత అదనంగా తీసుకోవాలి. ఆ రోజే ఆ ఏటి కిలో ఖర్చు ఎంతైందో కట్టి, రాబోయే పన్నెండు నెలలకు సొంత వాడకం ఎంతో మళ్ళీ నిర్ణయించుకోవాలి.